పుట్టినప్పుడు చెవి పరీక్ష పాస్, మూడేళ్లకు వినికిడి పోతాంది. కడుపులోనే సీఎంవీ అనే వైరస్ సోకిందంటున్నారు, ఇప్పుడు తేలేదెట్లా?

పెన్నాగట్టు
ప్రొద్దుటూరు మాది. మావాడికి మూడేళ్ల ఐదు నెలలు. పుట్టిన మూడోరోజు చెవికి ఓఏఈ పరీక్ష చేసి రెండు చెవులూ పాస్ అని కాగితమిచ్చినారు, అది ఇప్పటికీ ఫైల్లో ఉంది. ఏడాదికంతా అమ్మ, జేజి, బువ్వ అన్నీ పలికినాడు. నడక మాత్రం పద్దెనిమిది నెలలకొచ్చింది.

రెండున్నరేళ్లప్పుడు నాకు అనుమానమొచ్చింది. ఫోన్ ఎవరిచ్చినా ఎడమ చెవికే పెట్టుకుంటాడు. ఎడమపక్కకు తిరిగి పండుకుంటే ఎంత పిలిచినా లేవడు. కుక్కర్ విజిలేస్తే వంటింటి వైపు కాకుండా ఇంకో దిక్కు చూస్తాడు. రెండేళ్ల పది నెలలకు, శబ్దానికి మెదడు స్పందిస్తోందా అని చూసే బేరా పరీక్ష చేయిస్తే కుడి చెవి 60 డెసిబెల్స్ శబ్దమైతేనే పట్టుకుంటాంది, ఎడమ నార్మల్ అన్నారు. 'ఒక చెవి బాగుంది కదా, మాటలకు అది చాలు, బడికేసేటప్పుడు రండి' అని పంపించినారు. ఆసుపత్రి పేరు చెప్పను.

ఏడు నెలలు గడిచినాయి. ఇప్పుడు ముందరికొచ్చి పిలిస్తేనే పలుకుతాడు. 'సంచి' అనేవాడు 'అంచి' అంటాండాడు. మళ్లీ పరీక్ష చేయిస్తే కుడి 85, ఎడమ 45. కొత్త డాక్టరు కాన్పు ఎట్లా జరిగింది, నడక ఎప్పుడొచ్చింది అని చాలాసేపు అడిగి, కడుపులో ఉన్నప్పుడు సీఎంవీ సోకి ఉండొచ్చు అన్నారు. మూత్రం పరీక్షలో పాజిటివ్, రక్తంలో ఆ వైరస్‌కు ఐజీజీ అనే యాంటీబాడీ పాజిటివ్. అంటే ఖాయమైనట్టే కదా అంటే, ఈ వయసులో ఈ రిపోర్టులతో చెప్పలేము అంటారు. మాది మేనరికం, మేనమామ కొడుకునే చేసుకున్నా. మా అత్తేమో గ్రహణంనాడు నేను బయటికిపోయినానని అంటాండాది.

పాస్ అయిన చెవి ఎట్లా పోతుంది? ఏ పరీక్షతో తేలుతుంది? మందేమన్నా ఉందా? ఎడమది కూడా పోతుందా? రాత్రుళ్లు నిద్ర పట్టడంలేదు.

రాగిసంకటి
మేనరికం అన్నావు కదమ్మా, ఇంకెందుకు వెతుకులాట. మా అన్న కూతురికీ ఇంతే, వాళ్లదీ మేనరికమే. రక్తసంబంధంలో చేసుకుంటే చెవుడొస్తుందని మా ఊర్లో అందరికీ తెలుసు. వైరస్ అనేది ఇప్పుడొచ్చిన కొత్త మాట.

బురుజు_బాబాయి
భయపడొద్దు తల్లీ. మా మనవడికి అచ్చం ఇదే. పిలిస్తే పలకడు, టీవీ సౌండు పెంచుతాడు. చెవి పరదా వెనకాల నీరు చేరిందన్నారు. కర్నూల్లో చిన్న గొట్టం వేసినారు, నెలలోపల మునుపటి మాదిరి అయిపోయినాడు. ముందు ఆ నీరు తీయించు.

పెన్నాగట్టు
@బురుజు_బాబాయి ఆ పరీక్ష రెండుసార్లూ చేసినారు బాబాయ్. చెవిలో గాలి ఒత్తిడి పెట్టి చూస్తారే, అది. రెండు చెవుల్లోనూ నీరు లేదు, పరదా బాగా కదులుతాంది. లోపలి నరం వైపు లోపమే అన్నారు.

బురుజు_బాబాయి
అట్లనా. అయితే నా మాట పక్కన పెట్టమ్మా. మనవడి సంగతే నా తలలో తిరుగుతాంది.

వినికిడిబాట
కర్నూల్లో ఆడియాలజిస్టుగా పద్నాలుగేళ్లు పనిచేశాను. ఒక్కొక్కటీ చెబుతాను.

పాస్ సంగతి. ఓఏఈలో చెవిలోకి చిన్న శబ్దం పంపి, లోపలి చెవి తిరిగి ఇచ్చే ప్రతిధ్వని దొరికిందా లేదా అని చూస్తారు. ఆ రోజు ఆ చెవి పనిచేస్తోందని మాత్రమే అది చెబుతుంది, రేపటి సంగతి చెప్పలేదు. మీవాడి కాగితం తప్పు కాకపోవచ్చు. పుట్టుకతో సీఎంవీ ఉన్న పిల్లల్లో వినికిడి నెలల తర్వాత, ఏళ్ల తర్వాత తగ్గడం మామూలే. ఈ జబ్బు వల్ల వినికిడి పోయే పిల్లల్లో దాదాపు సగంమందికి లోపం తర్వాత మొదలవడమో, మొదలైంది పెరుగుతూ పోవడమో జరుగుతుంది. ఒక చెవితో మొదలై రెండోదానికి పాకడం, నెలకోరకంగా హెచ్చుతగ్గులు కావడం కూడా చూశాను.

ఎందుకలా అంటే, లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి కణాలున్నాయి, వాటికి కావాల్సిన కరెంటు తయారుచేసే పొర ఒకటి వేరే ఉంది. వైరస్ ఎక్కువగా దెబ్బతీసేది ఆ పొరనే అని చాలామంది నిపుణుల లెక్క. మోటారు బాగానే ఉండి లైన్లో వోల్టేజి తగ్గుతూ వస్తే ఎట్లుంటుందో అట్లా. మొదట్లో నడుస్తుంది, పోనుపోను నీళ్లెక్కవు.

'ఒక చెవి చాలు, బడికేసేటప్పుడు రండి' అనడమే మీ కథలో అసలు తప్పు. కారణం తెలియకుండా పసిబిడ్డకు ఒక చెవి తగ్గిందంటే, రెండోదాన్ని మూడు నెలలకోసారి కొలవాలి. అట్లా కొలిచి ఉంటే ఎడమది 25కో 30కో జారినప్పుడే దొరికేది.

@రాగిసంకటి మీరన్నదాంట్లో సగం నిజం. మేనరికంలో పుట్టుచెవుడు ఎక్కువే, మన సీమలో రోజూ చూస్తుంటాం. కానీ మేనరికం అనగానే వెతకడం ఆపేస్తే, ఆ ఇంట్లో వేరే కారణంతో వచ్చిన చెవుడు ఎప్పటికీ బయటపడదు. మేనరికం చేసుకున్నవాళ్లకూ వైరస్ సోకుతుంది కదా.

రాగిసంకటి
సరే సార్. కానీ మా అన్న కూతురికి ఎవరూ ఏ పరీక్షా చేయలేదు, మేనరికమా అని అడిగి రాసుకున్నారంతే.

వినికిడిబాట
నేను సార్ కాదు, మేడమ్ :) ఆ పాపకు ఇప్పుడైనా జన్యుపరీక్ష, లోపలి చెవి స్కాన్ చేయించమనండి. లోపలి చెవి గొట్టం పుట్టుకతోనే వెడల్పుగా ఉండే పిల్లలకు కూడా వినికిడి మెట్లుమెట్లుగా పోతుంది, తలకు దెబ్బ తగిలితే ఇంకా జారుతుంది. అది స్కాన్‌లో కనిపిస్తుంది.

పెన్నాగట్టు
మేడమ్, మూత్రంలో వైరస్ కనిపించింది కదా. మళ్లీ తేలలేదంటే అర్థం కావడంలేదు.

చిన్నపిల్లల_వార్డు
అనంతపురంలో పిల్లల డాక్టర్ని. దీనికి నేను చెప్తా.

పుట్టిన 21 రోజుల్లోపల మూత్రంలోనో లాలాజలంలోనో వైరస్ దొరికితే అది కడుపులోనే సోకినట్టు. ఆ గడువు దాటినాక దొరికితే రెండు దారులు కనిపిస్తాయి. కడుపులో సోకి ఉండొచ్చు, పుట్టినాక తల్లిపాల ద్వారానో ఇంట్లో ఇంకో పిల్లోడి ఎంగిలి ద్వారానో వచ్చి ఉండొచ్చు. ఏ దారిన వచ్చినా పిల్లలు నెలల తరబడి, ఏళ్ల తరబడి మూత్రంలో వదుల్తూనే ఉంటారు. మన దగ్గర ఆడవాళ్లలో నూటికి 90 మందికి పైగా చిన్నప్పుడే ఇది సోకి ఉంటుంది. కాబట్టి ఈ వయసు పిల్లల్ని వరసగా నిలబెట్టి పరీక్షిస్తే చెవులు చక్కగా వినపడేవాళ్లలో కూడా చాలామందికి పాజిటివే వస్తుంది.

ఐజీజీ కూడా అంతే. నెగటివ్ వచ్చి ఉంటే 'ఇది సీఎంవీ కాదు' అని దాదాపు ధైర్యంగా చెప్పేవాణ్ని. పాజిటివ్ మాత్రం దేన్నీ తేల్చదు.

ఒక మాట గట్టిగా చెప్తా, ఇది చదివి ఎవరూ పాలు మాన్పించొద్దు. నెలలు నిండి పుట్టిన బిడ్డకు పాలద్వారా వచ్చే సీఎంవీతో చెవుడు రాదు. చెవిని దెబ్బతీసేది కడుపులో సోకిందే.

నాలుగోనెల
అయ్యో, నాకు ఇప్పుడు నాలుగోనెల. స్కానింగుతోపాటు ఏదో టార్చ్ ప్యాకేజీ అని రాసిచ్చినారు, అందులో సీఎంవీ ఐజీజీ పాజిటివ్ అని ఎర్రక్షరాల్లో వచ్చింది. మా ఆయనకు ఇంకా చెప్పలేదు. బిడ్డకు సోకినట్టా??

చిన్నపిల్లల_వార్డు
@నాలుగోనెల కాదమ్మా. ఎప్పుడో ఒకప్పుడు మీకు సోకిందని మాత్రమే దాని అర్థం. పైన చెప్పిన నూటికి 90 మందిలో మీరొకరు. పాత వైరస్ మళ్లీ లేవడం, ఇంకో రకం సీఎంవీ కొత్తగా సోకడం జరగొచ్చు, కానీ అది తక్కువమందికే. ఇంట్లో ఇంకో చిన్నపిల్లోడున్నాడా?

నాలుగోనెల
రెండేళ్ల పాప ఉంది. నా కంచంలోనే తింటుంది.

చిన్నపిల్లల_వార్డు
అయితే కాన్పయ్యేవరకు పాప వదిలేసిన ముద్ద మీరు తినొద్దు. ఒకే చెంచా, ఒకే గ్లాసు వద్దు. మూతిమీద కాకుండా నుదుటిమీద ముద్దు పెట్టండి. డైపర్ మార్చినాక, ముక్కు తుడిచినాక సబ్బుతో చేతులు కడుక్కోండి. టీకా ఇంకా రాలేదు, చేతిలో ఉన్నది ఇంతే. బిడ్డ పుట్టినాక 21 రోజుల్లోపల లాలాజలం పరీక్ష గురించి మీ డాక్టర్ని అడగండి, లాలాజలంలో పాజిటివ్ వస్తే మూత్రంతో ఖాయం చేసుకోవాలి. పాలల్లోని వైరస్ నోట్లో అంటుకుని ఉండొచ్చు.

పెన్నాగట్టు
మీరడిగిన ప్రశ్న చదివి నా గుండె ఝల్లుమనింది సార్. నేను నెల తప్పినప్పుడు మా ఆడబిడ్డ కొడుకు, ఏడాదిన్నరవాడు, ఆరునెలలు మా ఇంట్లోనే ఉన్నాడు. వాడు మిగిల్చింది నేనే తినేదాన్ని. నావల్లే అయిందా?

చిన్నపిల్లల_వార్డు
ఆ పిల్లోడి నుంచి వచ్చిందో, మీ ఒంట్లో చిన్నప్పటినుంచి నిద్రపోతున్నదే లేచిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఎంగిలి తినొద్దని మీకు అప్పుడు ఒక్క డాక్టరన్నా చెప్పినారా? మాలో ఎవరమూ చెప్పము, ఆ లోపం మాది. గ్రహణానికి దీనికి సంబంధం లేదని మీ అత్తగారికి నా మాటగా చెప్పండి.

మందులకొట్టు_అన్న
తేలినా తేలకపోయినా మందుందిగా! వాల్‌గాన్‌సైక్లోవిర్ అని. బెంగళూరులో మా బంధువుల బిడ్డకు ఇచ్చినారు, వినికిడి నిలబడింది. ఇక్కడ దొరక్కపోతే ఆర్డరుపెట్టి తెప్పిస్తా. ఆలస్యం చేయకుండా మొదలుపెట్టమ్మా.

చిన్నపిల్లల_వార్డు
@మందులకొట్టు_అన్న ఆ బిడ్డకు ఎన్నిరోజులప్పుడు మొదలుపెట్టినారు?

మందులకొట్టు_అన్న
కనుక్కున్నా. పన్నెండో రోజుకు అంట. పుట్టగానే కాలేయం వాచింది, ఒళ్లంతా ఎర్రచుక్కలు అంట.

చిన్నపిల్లల_వార్డు
అదే తేడా అన్నా. ఆ మందు పనిచేస్తుందని చూపించింది, పుట్టినప్పుడే లక్షణాలుండి నెలలోపల మొదలుపెట్టిన బిడ్డల్లో. కిలోకి 16 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 2 సార్లు, 6 నెలలు. దాంతో కూడా పోయిన వినికిడి పెద్దగా తిరిగిరాదు, ఉన్నది నిలబడటానికి కొంత సాయపడుతుంది. మూడున్నరేళ్లవాడికిస్తే మేలు జరుగుతుందని ఎక్కడా రుజువు కాలేదు. కీడు మాత్రం నిజం. తెల్లకణాలు పడిపోతాయి, వారానికోసారి రక్తం తీసి చూస్తూ మందు ఆపుతూ, మళ్లీ ఇస్తూ ఉండాలి. దయచేసి చీటీ లేకుండా ఎవరికీ ఇవ్వొద్దు.

మందులకొట్టు_అన్న
సరే సార్. వయసు లెక్క నాకు తెలీదు. నేను ఇవ్వను.

అనంత_తల్లి
మా పాపది ఇదే కథ, ఇప్పుడు తొమ్మిదేళ్లు. మాకు పుట్టిన పదిరోజులకే తేలింది కాబట్టి కారణం గురించి కొట్లాట లేదు. కానీ మేము చేసిన తప్పు చెప్తా.

రెండేళ్లకు రెండు చెవులకూ మిషన్లు పెట్టించినాము. పెట్టించినాము కదా అని ఏడాదిపాటు మళ్లీ పరీక్షకు పోలేదు. ఆ ఏడాదిలో వినికిడి 50 నుంచి 80కి జారిపోయింది, మిషను మాత్రం 50కి సరిపెట్టిందే. పాప మిషను పీకి పారేస్తాంటే మొండితనం అనుకుని కొట్టినా కూడా. దానికి అందులో ఏమీ వినపడక పీకేసేది. అది తలచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

నాలుగేళ్లకు కుడిచెవికి, ఆపరేషన్ చేసి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ చేయించినాము. ఇప్పుడు తెలుగు మీడియంలో నాలుగో తరగతి, ఎక్కాలు అప్పజెప్తే నేనే తప్పులుపోతా.

ఇంకొకటి. చీకట్లో నడిస్తే తూలుతుందా మీవాడు? పద్దెనిమిది నెలలకు నడిచినాడు అన్నావు కదా.

పెన్నాగట్టు
అవునక్కా! కరెంటు పోతే గోడ పట్టుకుంటాడు. మట్టిలో, ఇసకలో ఊరికే పడతాడు. భయమనుకున్నా.

వినికిడిబాట
@అనంత_తల్లి మంచి మాట అడిగారు. చెవి లోపలే ఒంటి తూకాన్ని చూసుకునే భాగం కూడా ఉంది, సీఎంవీ దాన్నీ వదలదు. మెడ నిలపడం, నడక ఆలస్యం కావడం అందుకే కావచ్చు. వెలుతురుంటే కంటితో సర్దుకుంటారు, చీకట్లో దొరికిపోతారు. ఇలాంటి పిల్లల్ని బావుల దగ్గర, నీళ్లతొట్ల దగ్గర ఒంటరిగా వదలొద్దు. తల నీళ్లల్లో మునిగితే పైకి ఏది, కిందికి ఏదీ తెలియదు వాళ్లకు. తూకానికి చేయించే కసరత్తులున్నాయి, పరీక్ష అడగండి.

ఇక మీ ఫైల్ తీయండి. కాన్పు అప్పటి డిశ్చార్జ్ కాగితంలో బరువు, ఎన్ని వారాలకు పుట్టాడు, ప్లేట్‌లెట్లు, కామెర్లు, ఒంటిమీద చుక్కలు గురించి ఏమైనా రాశారా చూసి చెప్పండి. 21 రోజులు దాటినవాళ్లకు మిగిలేది ఈ పాత కాగితాల సాక్ష్యమే.

పెన్నాగట్టు
తీసినా మేడమ్. 38 వారాలు, బరువు 2 కిలోల 100 గ్రాములు. మూడురోజులు ఐసీయూలో ఉంచినారు, 'ఇన్ఫెక్షన్ అనుమానం' అని రాసి సూదులేసినారు. రెండోరోజు ప్లేట్‌లెట్లు 82,000, ఆరోరోజు 1,40,000. చుక్కల గురించి రాయలేదు గానీ, నాకు గుర్తుంది. ఛాతీమీద, వీపుమీద గోరింటాకు చుక్కలంత ఎర్రగా ఉండేవి. దోమలు కుట్టినాయి అన్నారు. మేనెల, ఏసీ గది, దోమలెక్కడివి అని నేనే అడిగినా. నాలుగురోజులకు మాయమైనాయి.

చిన్నపిల్లల_వార్డు
నెలలు నిండినా బరువు తక్కువ, ప్లేట్‌లెట్లు లక్ష లోపు, నొక్కితే పోని ఎర్రచుక్కలు. నొక్కి చూసినారో లేదో తెలీదు గానీ, మిగతా రెండూ చాలు అనుమానించడానికి. రక్తంలో బ్యాక్టీరియా సోకినా ప్లేట్‌లెట్లు పడతాయి, అందుకని ఆ రోజు వాళ్లు అటువైపు పోయినారు. అప్పుడే ఒక సీసాలో మూత్రం పట్టి ఉంటే తేలిపోయేది, పన్నెండో రోజు మందు మొదలయ్యేది మీవాడికే. ఇది చదివే పిల్లల వార్డు నర్సులు, పీజీలు ఎవరన్నా ఉంటే గుర్తుపెట్టుకోండి.

సీమపీజీ
ఉన్నాను సార్. కొన్ని దేశాల్లో పుట్టినప్పుడు మడమనుంచి తీసిన రక్తపు చుక్క కార్డు దాచిపెడతారు కదా, ఏళ్ల తర్వాత దాన్లో వెతుకుతారు. మనదగ్గర ఆ కార్డు చాలామందికి తీయరు, తీసినా దాచరు. ఈ కేసులో అంతటితో దారి మూసుకుపోయినట్టేనా?

వినికిడిబాట
కార్డులో నెగటివ్ వచ్చినా కాదని చెప్పలేం, రక్తంలో వైరస్ తక్కువుంటే తప్పిపోతుంది. కానీ ఇంకో దారి ఉంది. జపాన్‌లో బిడ్డ బొడ్డుతాడు ఎండిపోయి రాలిన ముక్కను చిన్న పెట్టెలో దాచుకునే ఆచారం ఉంది. అక్కడివాళ్లు ఏళ్ల తర్వాత ఆ ఎండుముక్కలో సీఎంవీ వెతికి, పెద్దపిల్లల చెవుడుకు కారణం తేల్చారు.

రాగిసంకటి
మేడమ్!! మన దగ్గర తాయెత్తులో పెట్టి మొలతాడుకు కట్టేది అదే కదా!

పెన్నాగట్టు
మావాడి మొలతాడుకు ఇప్పుడూ ఉంది. వెండి తాయెత్తు, మా అత్త చేయించింది. లోపల బొడ్డుపేగు, పసుపు పెట్టి లక్కతో మూసినారు.

బురుజు_బాబాయి
చూసినారా, మన ముసలోళ్లు దాచిపెట్టింది లాబొరేటరీకి పనికొచ్చేటట్టుంది.

చిన్నపిల్లల_వార్డు
నేను ఒక్క నిమిషం అడ్డం పడతా. వెండిలో పసుపుతో, మూడేళ్లు చెమట, స్నానం నీళ్లమధ్య ఉన్న ముక్క అది. పెట్టెలో పొడిగా దాచినదానితో సమానం కాదు. మామూలు ల్యాబులు తీసుకోవు, పరిశోధన చేసేవాళ్లను పట్టుకోవాలి. దొరికినా రేపటి వైద్యం మారదు. చెవిమిషను, మూడునెలలకోసారి పరీక్ష, అవసరమైతే ఇంప్లాంట్, తేలినా తేలకపోయినా ఇవే. దానికోసం అత్తాకోడళ్లమధ్య తగువెందుకు?

వినికిడిబాట
వైద్యం మారదన్నది ఒప్పుకుంటాను. కానీ వాళ్లు రెండో బిడ్డ గురించి ఆలోచించాలి కదా. ఇద్దరిలోనూ దాగి ఉన్న జన్యువు వల్ల అయితే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం. సీఎంవీ అయితే మళ్లీ అట్లా జరగడం చాలా తక్కువ. మేనరికం ఇంట్లో ఈ తేడా చిన్నది కాదు. తాయెత్తు సంగతి తర్వాత, ముందు జన్యుపరీక్ష, ఎంఆర్ఐ చేయించండి. ఆ రెండూ మన చేతిలో ఉన్నవి.

పెన్నాగట్టు
కనెక్సిన్ అనే జన్యుపరీక్ష పోయిన నెలలోనే చేసినారు, అందులో ఏమీ లేదు. ఎంఆర్ఐ వచ్చే బుధవారం తిరుపతిలో.

రాగిసంకటి
జన్యువు బాగుందంటే మేనరికం కాదన్నట్టేనా? నేను ఓడిపోయినట్టేనా?

వినికిడిబాట
ఇంకా కాదు. చెవుడు తెచ్చే జన్యువులు వందకు పైనే ఉన్నాయి, వాళ్లు చూసింది అందరికంటే తరచుగా కనిపించే ఒక్కటే. మీ వాదన తలుపు సగం తెరిచే ఉంది.

అనంత_తల్లి
ఎంఆర్ఐ రోజు తెల్లవారుజామునుంచి కడుపు మాడ్చాల్సొస్తుంది, మత్తు ఇస్తారు కాబట్టి. మొదటి నంబరు అడిగి తీసుకో చెల్లీ. మా పాప పదకొండింటివరకు నీళ్లకు ఏడ్చింది. మిషను ఎడమదానికి పెట్టించినావా?

పెన్నాగట్టు
శనివారం రెండు చెవులకూ కొలతలు తీసుకున్నారక్కా. కుడిదానికి కొన్నాళ్లు మిషను పెట్టి చూసి, పనికిరాకపోతే ఇంప్లాంట్ గురించి మాట్లాడతామన్నారు. ఒకరేమో ఆలస్యం చేయొద్దు ఇప్పుడే చేసేయాలంటారు, ఇంకొకరేమో ఎడమది 45 ఉంది కదా ఆగమంటారు.

వినికిడిబాట
ఇంప్లాంట్ తొందర గురించి మాలోనే రెండు మాటలుంటాయి. నేనైతే కుడిచెవి మూడునెలలు మిషనుతో ఎట్లా ఉందో కొలిచి, ఆలోపల ఎడమది ఇంకా జారుతోందా చూసి నిర్ణయిస్తాను. ఎడమది జారుతుంటే కుడిది ఆపడంలో అర్థం లేదు. ఆరోగ్యమిత్రను ఇప్పుడే కలిసి పథకంలో వయసు నిబంధనలు రాతపూర్వకంగా అడగండి, నిర్ణయమయ్యాక తిరిగితే నెలలు పోతాయి.

ఇంట్లో మీరు చేయాల్సింది ఒకటుంది. రోజూ పొద్దున మిషను పెట్టగానే వాడి వెనక నిలబడి ఆరు శబ్దాలు మామూలు గొంతుతో అనండి: మ్, ఊ, ఆ, ఈ, ష్, స్. వరస మార్చి అనండి, మధ్యలో ఊరికే ఆగండి, లేకపోతే లెక్కపెట్టుకుని చేయెత్తుతాడు. వినపడితే డబ్బాలో గోలీ వేయమనండి. ఒక్కో చెవి విడిగా. ఏ శబ్దం ఎంత దూరంనుంచి విన్నాడో నోటుపుస్తకంలో రాయండి. నిన్నటిదాకా విన్న శబ్దం రెండురోజులు వరసగా వినకపోతే ముందు బ్యాటరీ, గొట్టంలో గుబిలి చూడండి. అవి బాగుంటే మూడునెలలు ఆగకుండా నేరుగా పరీక్షకు రండి. వాడు 'సంచి'ని 'అంచి' అన్నప్పుడే 'స్' పోయిందని మీకు చెప్పాడు.

పెన్నాగట్టు
(పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నా.) ఎంఆర్ఐ వచ్చింది. మెదడులో తెల్లపదార్థంలో అక్కడక్కడ మచ్చలు, కణతల వైపు ముందుభాగంలో చిన్న నీటిబుడగలు అని రాసినారు. లోపలి చెవి గొట్టాలు మామూలు సైజే.

చిన్నపిల్లల_వార్డు
కణతల దగ్గర ఆ బుడగలు, తెల్లపదార్థంలో మచ్చలు రెండూ కలిసి ఉండటం సీఎంవీ వైపు గట్టిగా చూపిస్తుంది. బరువు, ప్లేట్‌లెట్లు, తూకం, ఒకదాని తర్వాత ఒకటిగా పోయిన చెవులు, వీటన్నింటిమీద ఇది. నేను ఫైల్లో 'పుట్టుకతో సీఎంవీ, చాలావరకు ఖాయం' అని రాస్తాను. 'రుజువైంది' అని రాయను. కంటి వెనకభాగం కూడా ఒకసారి చూపించండి, ఏడాదికోసారి.

రాగిసంకటి
మా అన్నకు ఫోన్ చేసినా. వాళ్ల పాప డిశ్చార్జ్ కాగితం వెతుకుతాండారు.

పెన్నాగట్టు
అత్తకు ఎంఆర్ఐ ఫిల్ము చూపించి, డాక్టరు చెప్పింది చెప్పినా. గ్రహణం మాట ఎత్తలేదు. తాయెత్తు తెరుస్తామంటే మాత్రం 'ఐదేళ్లు నిండేవరకు ముట్టుకోవద్దు' అనింది. ఆయనేమో తెరుద్దామంటాడు. ఇంకా మొలతాడుకే ఉంది.

మిషను వచ్చి ఐదురోజులైంది. ఈ పొద్దున వెనకనుంచి 'స్' అంటే గోలీ వేయకుండా గిర్రున తిరిగి 'పామా?' అన్నాడు.

అనంత_తల్లి
అబ్బా! చదువుతుంటే ఒళ్లు పులకరించింది చెల్లీ.

వినికిడిబాట
ఏ చెవి? ఎంత దూరం?

పెన్నాగట్టు
ఎడమ, నాలుగడుగులు. పుస్తకంలో రాసినా మేడమ్. కుడికి 'ఆ', 'ఊ' ఒక అడుగు దూరంనుంచి వింటాడు, 'ష్', 'స్' ఇంకా లేవు.